బొమ్మ ఒకటి, హక్కుదారులు ముగ్గురు: ఒక సిద్ధాంత గ్రంథంలోని 63 చిత్రాల అనుమతుల కథ

2024 మే నెలలో ఒక మధ్యాహ్నం ఒక పరిశోధకురాలు లాప్‌టాప్ పట్టుకుని మాసాబ్ ట్యాంక్‌లోని మా ఇంటికి వచ్చింది. పుస్తకాలకు, ప్రదర్శనల కేటలాగులకు బొమ్మల అనుమతులు తెచ్చిపెట్టడం నా వృత్తి. సిద్ధాంత గ్రంథాల జోలికి మామూలుగా వెళ్ళను. పరిశోధకుల దగ్గర డబ్బూ ఉండదు, వ్యవధీ ఉండదు. ఈ అమ్మాయి నా పాత సహోద్యోగికి శిష్యురాలు కాబట్టి కాదనలేకపోయాను.

ఆమె విషయం బాగుంది. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు చిత్రకారులు దక్కనీ సూక్ష్మచిత్రాల నుంచి, కాకతీయ శిల్పం నుంచి ఏమి తీసుకున్నారన్నది. రాత పూర్తయింది. చివర 63 చిత్రాల పట్టిక ఉంది. అందులో నలభైకి పైగా బొమ్మల కింద ఒకే మాట: ‘ఆధారం: ఇంటర్నెట్’.

“ఇవన్నీ చదువు కోసమే కదా మేడం, అనుమతులు అవసరమా?” అని అడిగింది.

ఈ ప్రశ్నకు అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. ముందు తెలియాల్సింది ఆ ప్రతి ఎక్కడికి వెళ్తుందో. ఆమె బొమ్మలు మూడు చోట్లకు వెళ్తున్నాయి. ఒకటి, పరీక్షకుల చేతికి వెళ్ళే ముద్రిత ప్రతి. రెండోది, యూజీసీ నిబంధనల ప్రకారం గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే, సిద్ధాంత గ్రంథాలను ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచే శోధ్‌గంగలో చేరే ఎలక్ట్రానిక్ ప్రతి. మూడోది, ఆమె వారానికి రెండు రోజులు ఒక కాలేజీలో చెప్పే పాఠాల స్లైడ్లు. ముగ్గురు పరీక్షకులు చూసే ప్రతికీ, ప్రపంచంలో ఎవరైనా ఎన్నేళ్ళ తర్వాతైనా దించుకోగల ప్రతికీ చట్టం దృష్టిలో చాలా తేడా ఉంది. అనుమతుల గొడవంతా ఆ రెండో ప్రతి వల్లే వచ్చింది.

మన 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ కొన్ని వాడకాలను ఉల్లంఘన కిందికి రాకుండా మినహాయిస్తుంది. పరిశోధనతో సహా సొంత వినియోగం వాటిలో ఒకటి, విమర్శ లేదా సమీక్ష మరొకటి. ఇంత శాతం వాడుకోవచ్చన్న లెక్క ఆ చట్టంలో ఎక్కడా లేదు. ‘పది శాతం దాకా ఫరవాలేదు’ అనే మాట నేను ప్రతి ఏడూ వింటాను. అది ఎక్కడి నుంచి వచ్చిందో కానీ చట్టం నుంచి మాత్రం రాలేదు. పైగా చిత్రంలో పది శాతం చూపించి విమర్శించడం ఎలాగూ కుదరదు. కాబట్టి తూచాల్సింది వాడకం ఉద్దేశం, అవసరం, హక్కుదారుడి అమ్మకానికి కలిగే నష్టం. ఇంకో సంగతి, ఈ మినహాయింపు అనుమతి పత్రం లాంటిది కాదు. ఎవరైనా అభ్యంతరం చెప్పిన రోజున మనం చెప్పుకోగల సమాధానం, అంతే.

అందుకే మొదటి వారం ఎవరికీ ఉత్తరం రాయనివ్వలేదు. ఒక్కో బొమ్మనూ తీసేసి, దాన్ని చర్చించిన పేరా ఇంకా నిలబడుతుందేమో చూడమన్నాను. బొమ్మ లేకుండా పేరా కూలిపోతే ఆ బొమ్మ విమర్శలో భాగం. ఏమీ కాకపోతే అది అలంకారం, అలంకారానికి ఆ మినహాయింపు రాదు. అధ్యాయాల ముందు పేజీల్లో అందం కోసం పెట్టినవీ, పాఠంలో ఒక్క మాటైనా లేనివీ కలిపి 11 బయటపడ్డాయి. తీసేశాం. ఆమెకు బాధ కలిగింది. నాకు 11 ఉత్తరాలు తప్పాయి.

మిగిలిన 52 బొమ్మలకు ఒక నోటు పుస్తకంలో గళ్ళు గీశాను. గీసిన మనిషి ఎవరు, ఎప్పుడు పోయాడు. దాన్ని ఫోటో తీసింది ఎవరు. వస్తువు ఎవరి దగ్గర ఉంది. చాలామంది ఈ మూడింటినీ కలిపి ‘మ్యూజియం పర్మిషన్’ అనేస్తారు. నిజానికి మొదటిది చిత్రకారుడి హక్కు, రెండోది ఫోటోగ్రాఫర్ హక్కు, మూడోది కాపీరైటే కాదు, లోపలికి రానిచ్చినవారు పెట్టే షరతు. ఒక బొమ్మకు మూడూ ఉండవచ్చు, ఒక్కటీ లేకపోవచ్చు.

తేలికైన కుప్ప దక్కనీ సూక్ష్మచిత్రాలది. మొత్తం 21. బీజాపూర్, గోల్కొండ చిత్రకారులు పోయి మూడు నాలుగు వందల ఏళ్ళు దాటింది, మొదటి గడి ఖాళీ. ఇంటర్నెట్‌లో ఎవరెవరి పేజీల నుంచో దించుకున్న మసక బొమ్మలను పక్కన పెట్టి, అసలు చిత్రం ఏ మ్యూజియంలో ఉందో, అక్కడి రిజిస్టరులో దాని ప్రవేశ సంఖ్య ఏమిటో వెతికించాను. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో, క్లీవ్‌లాండ్ మ్యూజియం 2019 జనవరిలో తమ దగ్గర కాపీరైట్ లేని కళాఖండాల ఫోటోలను CC0 కింద వదిలేశాయి. అంటే పుస్తకంలో వేసుకున్నా, శోధ్‌గంగలో పెట్టుకున్నా ఎవరినీ అడగనక్కర్లేదు. 17 బొమ్మలకు దారి దొరికింది. నాలుగు బ్రిటిష్ మ్యూజియంవి. వాటి మీద CC BY-NC-SA 4.0 అని ఉంటుంది. పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు, మార్పులు చేసి పంచుకుంటే అదే లైసెన్స్ కింద పంచుకోవాలి. సిద్ధాంత గ్రంథానికి ఇది సరిపోతుంది. రేపు అమ్మకానికి పుస్తకం వేస్తే ఈ నాలుగింటికీ మళ్ళీ మొదటి నుంచి రావాలని నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నాం. ఈ ఎర్ర గుర్తులు పెట్టుకోనివాళ్ళు మూడేళ్ళ తర్వాత ప్రచురణకర్త అడిగినప్పుడు ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక తల పట్టుకుంటారు.

రెండో కుప్పలోవి తొమ్మిదే అయినా నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి అవే. నాలుగేళ్ళ కిందట నగరంలోని ఒక మ్యూజియంలో ఆమె తన కెమెరాతో తీసుకున్న ఫోటోలు అవి. “ఇవి నావే కదా, వీటికి సమస్య లేదు” అని ధీమాగా ఉంది. చిత్రాలు పదిహేడో శతాబ్దానివి, కాపీరైట్ లేదు. ఫోటోలు ఆమెవి. మొదటి రెండు గళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. కానీ ఆ రోజు లోపలికి వెళ్ళే ముందు సంతకం పెట్టిన ఫారం తెమ్మన్నాను. రెండు రోజులు వెతికి తెచ్చింది. ‘అధ్యయనం కోసం మాత్రమే, రాతపూర్వక అనుమతి లేకుండా ప్రచురించరాదు’ అని అందులో ఉంది. కాపీరైట్ లేకపోయినా ఆమె పెట్టిన సంతకం ఉంది. అది ఒప్పందం. మీరితే కాపీరైట్ ఉల్లంఘన కాకపోవచ్చు, మాట తప్పడం మాత్రం అవుతుంది. పైగా మళ్ళీ ఆ మ్యూజియం గడప తొక్కాల్సిన పరిశోధకురాలికి చట్టం కంటే ఆ గడపే ముఖ్యం.

కొత్త ఉత్తరం రాశాం. తొమ్మిదింటి ప్రవేశ సంఖ్యలు, ప్రతిదాని చిన్న నకలు, శోధ్‌గంగ సంగతి స్పష్టంగా. ‘పరిశోధన నిమిత్తం’ అని మాత్రమే రాసి శోధ్‌గంగ మాట దాచేవాళ్ళను చూశాను. తర్వాత ఆ అనుమతి దేనికీ పనికిరాదు. ఐదు వారాలకు సమాధానం వచ్చింది. మ్యూజియం పేరు వేయాలి, గ్రంథం ఒక ప్రతి వారి గ్రంథాలయానికి ఇవ్వాలి, ఎలక్ట్రానిక్ ప్రతిలో బొమ్మలు చిన్న సైజులో ఉండాలి. ముద్రణకు పదిహేను సెంటీమీటర్ల వెడల్పు బొమ్మ 300 డీపీఐ దగ్గర దాదాపు 1770 పిక్సెళ్ళు కావాలి. ఎలక్ట్రానిక్ ప్రతికి 800 పిక్సెళ్ళకు తగ్గించాం. తెర మీద చదవడానికి అది చాలు, పోస్టరు వేసుకోవడానికి చాలదు. మ్యూజియం వారి భయమూ అదే కాబట్టి ఇద్దరికీ కుదిరింది.

పుస్తకాల నుంచి స్కాన్ చేసినవి ఎనిమిది. ఐదు పాత సూక్ష్మచిత్రాలు, మూడు రామప్ప గుడి మదనికలు. రెండు రకాలూ పాతవే అయినా ఒకే గాట కట్టలేం. చదునైన చిత్రాన్ని ఉన్నదున్నట్టు ఫోటో తీయడంలో కొత్త సృజన లేదని 1999లో న్యూయార్క్ కోర్టు బ్రిడ్జ్‌మన్ కేసులో తేల్చింది. అది మన కోర్టు కాదు. అయితే కేవలం శ్రమ పడితే కాపీరైట్ రాదనీ, కాస్తయినా సృజన ఉండాలనీ మన సుప్రీంకోర్టు 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో చెప్పింది. ఆ తీర్పు చట్టపుస్తకాల గురించి, ఫోటోల గురించి కాదు. అందులోని తర్కాన్ని నమ్ముకుని ఆ ఐదింటినీ పుస్తకం పేరు, పేజీతో ఉంచాం. మరొకరు తీయించేసి ఉండవచ్చు. శిల్పం సంగతి వేరు. మదనికను ఏ వైపు నుంచి, ఏ వెలుతురులో, ఎంత దగ్గరగా తీయాలన్నది ఫోటోగ్రాఫర్ ఎంపిక, అందులో అతని హక్కు ఖాయం. మూడు ఫోటోల కోసం ఫోటోగ్రాఫర్‌ను వెతకడం కంటే పొద్దున్నే వరంగల్ బస్సెక్కడం చవక. ఆమె పాలంపేట వెళ్ళి తానే తీసుకుని వచ్చింది. పుస్తకంలోని వాటికంటే ఆమె వాదనకు అవే బాగా అతికాయి, ఎందుకంటే తనకు కావలసిన మోకాలి వంపు ఆమెకు తెలుసు.

ఇక ఇరవయ్యో శతాబ్దపు బొమ్మలు, పది. ఇక్కడ పని అంతా మరణ సంవత్సరంతోనే. మన దేశంలో చిత్రకారుడు పోయిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి 60 ఏళ్ళు లెక్క. దామెర్ల రామారావు 1925లోనే పోయారు, మూడు బొమ్మలకు ఏ చిక్కూ లేదు. అడివి బాపిరాజు 1952లో పోయారు, 2012 డిసెంబర్ 31తో గడువు ముగిసింది. నందలాల్ బోస్ 1966లో పోయారు, 2026 డిసెంబర్ 31 దాకా ఉంది. “ఆయన బొమ్మలు జాతీయ సంపద కదా, అందరివీ కదా?” అని ఆమె వాదించింది. 1972 నాటి పురావస్తువులు, కళాసంపద చట్టం కింద ఆయన చిత్రాలను కళాసంపదగా ప్రకటించిన మాట నిజమే. కానీ ఆ చట్టం బొమ్మను దేశం దాటనివ్వకుండా ఆపుతుంది. కాపీరైట్‌ను అది ముట్టుకోదు. ఆ రెండు బొమ్మల మీద ఆమె రెండేసి పేజీల విశ్లేషణ రాసింది. విమర్శ మినహాయింపు మీద ఆనుకుని చిన్న సైజులో ఉంచాం.

మిగిలిన నాలుగూ ఒకే చిత్రకారుడివి. తొంభైల్లో పోయారు, పేరు ఇక్కడ చెప్పను. ఆ బొమ్మలు బంజారాహిల్స్‌లో ఒక సేకర్త ఇంట్లో ఉన్నాయి. పెద్దాయన ఎంతో ఆప్యాయంగా, అడగకముందే, అందమైన లెటర్‌హెడ్ మీద అనుమతి రాసిచ్చారు. ఆ కాగితం చూపించి “ఇది అయిపోయింది మేడం” అంది. అక్కడే ఆగాల్సి వచ్చింది. బొమ్మను కొన్నవాడు కాన్వాసును కొన్నాడు, నకలు తీసే హక్కును కాదు. చిత్రకారుడు రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప ఆ హక్కు ఆయన దగ్గరే ఉంటుంది, ఆయన తర్వాత వారసులకు వెళ్తుంది. “బాబాయి గారూ, ఆయన ఎప్పుడైనా హక్కులు రాసిచ్చారా?” అని ఫోన్‌లో అడిగితే పెద్దాయన కాసేపు మౌనంగా ఉండి, “లక్షలు పోసి కొన్నానమ్మా, ఇంకా ఏమి రాయించుకోవాలి?” అన్నారు. ఆయన నొచ్చుకోవడం సహజం. ఆయన ఇవ్వగలిగింది ఇంట్లోకి రానిచ్చి ఫోటో తీసుకోనివ్వడం, అది మనస్ఫూర్తిగా ఇచ్చారు.

ఆ ఫోటోలే మరో ముడి విప్పాయి. ఆమె దగ్గర ఉన్నవి ఒక గ్యాలరీ కేటలాగు నుంచి తీసినవి. డబ్బిచ్చి తీయించిన ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించినవారే మొదటి హక్కుదారులు. అంటే గ్యాలరీకి ఇంకో ఉత్తరం. దాని బదులు ఆమే ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో, పక్కన రంగుల పట్టీ పెట్టి నాలుగూ తీసుకుంది. ఒక గడి ఖాళీ అయింది.

వారసులు ముగ్గురు. పెద్ద కూతురు మల్కాజిగిరిలో, కొడుకు విదేశంలో. చిన్న కొడుకు చనిపోయాడు, ఆయన భార్య గుంటూరులో. ఉమ్మడి హక్కు కాబట్టి ఒక్కరి సంతకం చాలదు. ముగ్గురికీ ఒకే ఉత్తరం పంపాం. వారు సంతకం పెట్టాల్సిన అసలు భాగం ఇది:

‘మా తండ్రిగారు గీసిన ఈ కింది నాలుగు చిత్రాలను (పేర్లు, సంవత్సరాలు, చిన్న నకళ్ళు జతపరిచాము) మీ సిద్ధాంత గ్రంథపు ముద్రిత ప్రతులలోనూ, శోధ్‌గంగలో ఉంచే ఎలక్ట్రానిక్ ప్రతిలోనూ నలుపు తెలుపులో కాక రంగులలో, పూర్తి చిత్రంగా, ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలం ఉంచుకోవడానికి రుసుము లేకుండా అనుమతిస్తున్నాము. ఇతర వాడకాలకు విడిగా అనుమతి తీసుకోవాలి.’

‘ప్రపంచమంతటా’, ‘కాపీరైట్ ఉన్నంత కాలం’ అన్న మాటలు గొప్ప కోసం పెట్టినవి కావు. లైసెన్సులో కాలం రాయకపోతే ఐదేళ్ళే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశమే అని మన చట్టం అనుకుంటుంది. శోధ్‌గంగలో పెట్టిన ప్రతిని ఐదేళ్ళ తర్వాత వెళ్ళి తీసేయలేం, దేశం సరిహద్దు దగ్గర ఆపలేం. నేను చూసిన సిద్ధాంత గ్రంథాల అనుమతి ఉత్తరాల్లో ఈ రెండు మాటలూ ఉన్నవి చాలా తక్కువ. ‘పూర్తి చిత్రంగా’ అన్నది పెద్ద కూతురు చేర్చమన్నారు. ఈ అమ్మాయి ఒక బొమ్మలోంచి ముఖాన్ని మాత్రమే కత్తిరించి, పాత ఫోటోలా గోధుమ రంగు పూసి పెట్టింది. చిత్రాన్ని వికృతం చేయకుండా అడ్డుకునే నైతిక హక్కు చట్టంలో ఉంది, దాన్ని వారసులు వాడవచ్చు. రంగు తీసేశాం. పూర్తి బొమ్మ పక్కనే ముఖాన్ని వేసి ‘భాగం’ అని రాస్తామని విడిగా అడిగితే ఒప్పుకున్నారు.

పెద్ద కూతురు వారంలో సంతకం పెట్టారు. కొడుకు మూడు వారాలకు స్కాన్ పంపారు. గుంటూరు నుంచి సమాధానం లేదు. రెండు ఉత్తరాలు, నాలుగు ఫోన్లు. మౌనం అంగీకారం కాదు. ఆగస్టు వచ్చేసింది. నాలుగింటిలో మూడింటిని వాక్యం వాక్యంగా చర్చించింది కాబట్టి విమర్శ మినహాయింపు కింద చిన్న సైజులో ఉంచుదామన్నాను. నాలుగోది పోలిక కోసం ఒక్క వాక్యంలో ప్రస్తావించింది. దాన్ని ముద్రిత ప్రతిలో ఉంచి, ఎలక్ట్రానిక్ ప్రతిలో ఆ స్థానంలో బూడిద రంగు గడి పెట్టి, చిత్రం పేరు, ఎక్కడ చూడవచ్చో రాశాం. రెండు ప్రతులు ఒకేలా ఉండాలని విశ్వవిద్యాలయం గ్రంథాలయం మొదట ఒప్పుకోలేదు. గైడ్ సంతకంతో కారణం రాసిచ్చాక తీసుకున్నారు.

నగరంలో తీసిన నాలుగు ఫోటోలలో మూడు ట్యాంక్‌బండ్ విగ్రహాలవి. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫోటో తీసి ప్రచురించడానికి చట్టమే ఒప్పుకుంటుంది, శిల్పి బతికి ఉన్నా సరే. నాలుగోది వీధి గోడ మీద రంగుల చిత్రం. అదీ రోడ్డు మీదే ఉంది, కానీ ఆ మినహాయింపు శిల్పానికీ హస్తకళకూ రాశారు, వర్ణచిత్రం అందులో లేదు. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. గోడ చిత్రకారుడు ఫోన్‌లో దొరికాడు, ఒక్క పూటలో ఈమెయిల్‌లో రాసిచ్చాడు. అందరిలోకి త్వరగా పనైంది అతనితోనే.

స్లైడ్ల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. బోధనలో భాగంగా ఉపాధ్యాయులు చేసే నకలుకు 52వ సెక్షన్ మినహాయింపు ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గరి ఫోటోకాపీ దుకాణం కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు బోధన అంటే తరగతి గదిలో మాట్లాడే గంట మాత్రమే కాదని విశాలంగానే చెప్పింది. తరగతిలో చూపించడానికి ఆమె ఎవరినీ అడగనక్కర్లేదు. కానీ ఆమె పాఠం ఒకటి రికార్డు చేసి యూట్యూబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టింది. మ్యూజియంలో ‘అధ్యయనం కోసం మాత్రమే’ అని తీసుకున్న ఫోటోలు అందులో పెద్ద సైజులో మెరుస్తున్నాయి. దాన్ని తీయించి, కాలేజీ విద్యార్థులు లాగిన్ అయితేనే కనిపించే చోట పెట్టించాను.

మౌఖిక పరీక్ష 2025 మొదట్లో అయింది, ప్రతి శోధ్‌గంగకు చేరింది. ఆ తర్వాత రెండు నెలలకు గుంటూరు నుంచి రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. ఆవిడ మోకాలి ఆపరేషన్ చేయించుకుని కూతురి దగ్గర ఉన్నారట, ఉత్తరాలు తాళం వేసిన ఇంట్లో పడి ఉన్నాయి. సంతకం పెట్టిన కాగితంతో పాటు, మామగారు ఆ నాలుగో బొమ్మ పక్కన నిలబడి ఉన్న ఒక పాత ఫోటో కూడా పంపారు. వెనక ఏదో స్టూడియో ముద్ర సగం చెరిగిపోయి ఉంది. ఆ ఫోటోను పుస్తకంలో వేసుకోవాలని ఈ అమ్మాయి ఇప్పుడు ఉబలాటపడుతోంది. ఆ స్టూడియో ఎవరిదో నోటు పుస్తకంలో రెండో గడిలో ఇంకా ప్రశ్నార్థకంగానే ఉంది.